కొన్న ఆట కొత్త ఫోన్‌లో తాళం ఎందుకు వేసుకుంటుంది?

మొదటి పది లెవెల్స్ ఉచితం. పదకొండోది తెరవబోతే ఆట ఆగి, మొత్తం ఆట కావాలంటే 299 రూపాయలు కట్టమంటుంది. ఒక్కసారి కడితే మళ్ళీ అడగదు, ప్రకటనలూ రావు. మొబైల్ ఆటలవాళ్ళు దీన్ని పెయిడ్ అన్‌లాక్ అంటారు. 2016 డిసెంబరులో నింటెండో కంపెనీ ఐఫోన్ కోసం విడుదల చేసిన సూపర్ మారియో రన్ ఈ కోవలోదే. మొదట్లో కొన్ని దశలు ఊరికే ఆడుకోవచ్చు. మిగతావన్నీ తెరుచుకోవాలంటే అమెరికాలో 9.99 డాలర్లు ఒక్కసారి కట్టాలి. నాణేలనీ వజ్రాలనీ రోజూ ఏదో ఒకటి అమ్మే ఆటలకంటే ఇది కొనేవాళ్ళకి మేలైన బేరమని నా నమ్మకం. ఎంత ఖర్చవుతుందో ముందే తెలుస్తుంది, పిల్లల చేతికి ఫోన్ ఇచ్చినా గుండెల మీద చెయ్యి వేసుకుని ఉండొచ్చు.

చిక్కల్లా ఫోన్ మార్చినప్పుడే. విజయవాడలో ఒక ఇల్లు అనుకుందాం. మూడో తరగతి చదివే కూతురి కోసం తండ్రి తన ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఒక పజిల్ ఆట పూర్తిగా కొన్నాడు. యూపీఐతో 299 కట్టాడు. ఏడాది తిరిగేసరికి ఫోన్ కిందపడి స్క్రీన్ పోయింది. బాగుచేయించడానికయ్యే డబ్బుకి ఇంకొంచెం వేసుకుంటే కొత్తదే వస్తుందని షాపుకి వెళ్ళాడు. సెట్ చేసే కుర్రాడు, "పాత జీమెయిల్ పాస్‌వర్డ్ చెప్పండి సార్" అన్నాడు.

"గుర్తులేదు బాబూ."

"పర్లేదు సార్, కొత్తది క్రియేట్ చేసేస్తా."

రెండు నిమిషాల్లో కొత్త జీమెయిల్ తయారైంది. వాట్సాప్ వచ్చింది, ఫోటోలు కేబుల్‌తో ఎక్కించారు. ఇంటికొచ్చాక అమ్మాయి ఆట డౌన్‌లోడ్ చేసుకుని తెరిచింది. "నాన్నా, ఇది మళ్ళీ 299 అడుగుతోంది."

మన ఊళ్ళల్లో చాలా ఇళ్ళల్లో సమస్య ఈ షాపు కౌంటర్ దగ్గరే మొదలవుతుంది. కొత్త ఫోన్‌లో తప్పేమీ లేదు, ఆటలోనూ తప్పులేదు. ఆ తండ్రి కొన్న హక్కు పాత ఫోన్‌లో లేదు, ఎప్పుడూ ఉండలేదు కూడా. అది గూగుల్ ప్లే దగ్గరుండే లెక్కల్లో, ఆయన పాత జీమెయిల్ పేరు మీద నమోదై ఉంది. పొలం మీద హక్కు ఎవరిదో తేలాలంటే బీరువాలో జిరాక్స్ కాగితం చాలదు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయిస్తాం. ఆట కూడా సరిగ్గా అదే చేస్తుంది. తెరిచిన ప్రతిసారీ, ఈ ఖాతా పేరు మీద ఈ వస్తువు నమోదై ఉందా అని ప్లే స్టోర్‌ని అడుగుతుంది. కొత్త జీమెయిల్ పేరు మీద ఏమీ లేదు కాబట్టి లేదనే జవాబు వచ్చింది.

కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది ఏ ఖాతాతో కొన్నామన్నదే. ఇది కనుక్కోవడానికి నికరమైన ఆనవాలు ఒకటి ఉంది. గూగుల్ ప్లేలో ఏది కొన్నా ఆ ఖాతా మెయిల్‌కి రసీదు వస్తుంది. అందులో ఆర్డర్ నంబరు ఉంటుంది. అది GPA అనే మూడు అక్షరాలతో మొదలై, చుక్క తర్వాత అంకెలు వస్తాయి. ఇంట్లో ఉన్న జీమెయిల్స్ అన్నిట్లోనూ GPA అని వెతికితే ఏ డబ్బాలో రసీదు దొరికిందో హక్కు ఆ ఖాతాదే. మెయిల్ తుడిచేసినా ఫర్వాలేదు. ప్లే స్టోర్‌లో పైన కుడివైపు బొమ్మ నొక్కి Payments & subscriptions లోకి, అక్కణ్ణుంచి Budget & history లోకి వెళితే ఆ ఖాతాతో కొన్నవన్నీ తేదీలతో సహా కనిపిస్తాయి.

పాస్‌వర్డ్ మరిచిపోయినంత మాత్రాన ఖాతా పోయినట్టు కాదు. ఆ ఖాతాకి ఇచ్చిన ఫోన్ నంబరు ఇంకా మన చేతిలో ఉంటే గూగుల్ రికవరీ పేజీలో దాన్ని వెనక్కి తెచ్చుకునే వీలు చాలామటుకు ఉంటుంది. పాత ఫోన్ స్క్రీన్ పగిలినా లోపల పనిచేస్తూంటే దాన్ని అమ్మకండి, ఎక్స్‌ఛేంజ్‌లో ఇవ్వకండి. ఖాతా తిరిగి తెరవడానికి అదే పెద్ద ఆధారం. ఒక జీమెయిల్ మీద కొన్నదాన్ని ఇంకో జీమెయిల్‌కి బదిలీ చేసే పద్ధతి గూగుల్ ప్లేలో లేదు కాబట్టి ఈ కాస్త శ్రమ తప్పదు.

పాత ఖాతా దొరికాక దాన్ని కొత్త ఫోన్‌లో చేర్చుకోవాలి. కొత్త జీమెయిల్‌ని తీసెయ్యక్కర్లేదు, రెండూ కలిసి ఉండొచ్చు. అయితే ఇక్కడే చాలామంది ఇంకోసారి బోల్తా పడతారు. ఖాతా చేర్చి ఆట తెరుస్తారు, మళ్ళీ 299 అంటుంది. ఫోన్‌లో రెండు ఖాతాలున్నప్పుడు ఆట ఏ ఖాతాతో డౌన్‌లోడ్ అయిందో కొనుగోళ్ళ లెక్క మామూలుగా ఆ ఖాతాదే చూస్తారు. అమ్మాయి డౌన్‌లోడ్ చేసింది కొత్త జీమెయిల్‌తో. అందుకని ఆటని తీసేసి, ప్లే స్టోర్‌లో పైనున్న బొమ్మ నొక్కి పాత జీమెయిల్‌కి మారి, అక్కణ్ణుంచి మళ్ళీ డౌన్‌లోడ్ చేయాలి. ఈసారి తెరవగానే చాలా ఆటలు ఏ బటనూ నొక్కకుండానే తాళం తీసేస్తాయి.

ఆటని తీసేసేముందు ఒక్క నిమిషం ఆగండి. కొన్న హక్కు వేరు, ఆడి సంపాదించుకున్న లెవెల్స్ వేరు. హక్కు స్టోర్ దగ్గరుంటుంది. లెవెల్స్ మాత్రం ఆటని బట్టి ఫోన్‌లోనే ఉండొచ్చు, ఆట కంపెనీ సర్వర్‌లో ఉండొచ్చు, ప్లే గేమ్స్‌లోనో ఐక్లౌడ్‌లోనో ఉండొచ్చు. ఫోన్‌లో మాత్రమే దాచుకునే ఆట అయితే తీసేయగానే అవీ పోతాయి. నలభయ్యో లెవెల్ నుంచి ఒకటో లెవెల్‌కి వచ్చిపడిన పిల్లని ఓదార్చడం 299 కట్టడంకంటే కష్టం. ఆట సెట్టింగ్స్‌లో క్లౌడ్ సేవ్ ఉందేమో ముందే చూసుకోవాలి.

ఐఫోన్‌లో సంగతి కొంచెం వేరు. అక్కడ ఆట లోపల ఎక్కడో, సాధారణంగా సెట్టింగ్స్‌లోనో కొనుగోలు పేజీ అడుగునో, Restore Purchases అనే బటన్ ఉంటుంది. తిరిగి తెచ్చుకోగలిగే వస్తువులు అమ్మే ఆటలు అందుకు ఏదో ఒక మార్గం చూపించి తీరాలన్నది ఆపిల్ నియమం. అది లేని ఆటని తనిఖీలో వెనక్కి పంపుతారు. ఆ బటన్ నొక్కినప్పుడు ఆపిల్ ఖాతా పాస్‌వర్డ్ అడగొచ్చు. తెరిచిన ప్రతిసారీ అలా అడిగితే ఆడేవాళ్ళు విసిగిపోతారు కాబట్టే ఆ పనిని మన వేలికి వదిలేశారు. ఇక్కడా మూలం ఖాతాయే. ఈ మధ్య ఉద్యోగానికో చదువుకో అమెరికా వెళ్ళిన మనవాళ్ళు కొందరు అక్కడ కొత్త ఆపిల్ ఖాతా తెరుస్తారు. హైదరాబాదులో కొన్నవి పాత ఖాతాలోనే ఉండిపోతాయి. కొత్త ఖాతాతో ఎన్నిసార్లు రిస్టోర్ నొక్కినా ఏమీ రాదు.

ఏ ఖాతా అన్నది ఇంకా అనుమానంగా ఉంటే మరో పరీక్ష ఉంది. కొనే బటనే నొక్కి చూడండి, కానీ డబ్బు కట్టే చివరి మెట్టు దాకా వెళ్ళకండి. సరైన ఖాతా అయితే ప్లే స్టోర్ ఈ వస్తువు ఇప్పటికే మీదేనని ఆపేస్తుంది. ఆపిల్ అయితే ఇదివరకే కొన్నారు, ఉచితంగా తెచ్చుకోండంటుంది. ప్లే స్టోర్ ధర చూపించి డబ్బు అడిగిందంటే చాలామటుకు అక్కడున్నది వేరే ఖాతా అన్నమాట.

ఇంతవరకూ కొన్నవాళ్ళ వైపు కథ. అమ్మినవాళ్ళ వైపు నుంచి చూస్తే ఇదే సంఘటన ఇంకోలా కనబడుతుంది. ఎక్కడో ఒక కొత్త ఫోన్ వచ్చి, "నేను ఇదివరకే కొన్నాను, తాళం తియ్యి" అంటోంది. అది నిజంగా కొన్న తండ్రి కావచ్చు, ఎవరో కొన్న రసీదుని నకలు చేసి తెచ్చిన దొంగ కావచ్చు. ఇద్దరూ చూపించేది ఒక్కలాంటి రసీదే. రసీదు తనిఖీలో ఉన్న కష్టమంతా ఈ ఒక్క చోటే ఉంది.

రసీదు అంటే మెయిల్‌లో వచ్చే కాగితం లాంటిది కాదు. ప్లే స్టోర్ ఆటకి అందించే చిన్న సమాచారపు ముక్క. మన విజయవాడ తండ్రిది దాదాపు ఇలా ఉంటుంది. పేర్లూ అంకెలూ నేను పెట్టినవి, అమరిక మాత్రం నిజమైనదే.

```
{
  "orderId": "GPA.3345-1234-5678-90123",
  "packageName": "com.example.puzzle",
  "productId": "full_unlock",
  "purchaseTime": 1718000000000,
  "purchaseState": 0,
  "purchaseToken": "kjdh...AO-J1O",
  "acknowledged": true
}
```

మొదటి వరుస మనకి మెయిల్‌లో కనిపించే ఆర్డర్ నంబరే. రెండోది ఏ ఆట, మూడోది అందులో ఏ వస్తువు. నాలుగోది కొన్న సమయం. 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన మిల్లీసెకన్లు అవి. ఇక్కడున్న అంకెని మన గడియారంలోకి మారిస్తే 2024 జూన్ 10, పగలు 11 గంటల 43 నిమిషాలు. ఐదో వరుసలో సున్నా ఉంటే డబ్బు అందిందని అర్థం. ఆరోది ఈ కొనుగోలుకి గూగుల్ ఇచ్చిన పొడవాటి గుర్తు, దాన్ని టోకెన్ అంటారు. చివరిదాని సంగతి కాసేపట్లో చెబుతాను.

ఈ ముక్కతోపాటు గూగుల్ ఒక డిజిటల్ సంతకం కూడా పంపుతుంది. సంతకం చేసే రహస్య కీ గూగుల్ దగ్గర మాత్రమే ఉంటుంది. సరిచూసే కీని ఆట తయారుచేసినవాళ్ళకి ఇస్తారు. రసీదులో ఒక్క అక్షరం మార్చినా సంతకం కుదరదు. కాబట్టి లేని రసీదుని పుట్టించడం దొంగకి సాధ్యం కాదు. కానీ ఉన్న రసీదుని ఉన్నట్టే నకలు తీయడానికి సంతకం అడ్డు రాదు. నకలులోనూ సంతకం చెక్కుచెదరకుండా ఉంటుంది మరి.

2012 జూలైలో ఐఫోన్ ప్రపంచానికి ఇది బాగా తెలిసొచ్చింది. రష్యాకి చెందిన ఒక ప్రోగ్రామర్ ఐఫోన్ ఆటల్లో డబ్బు కట్టకుండా కొనే ఉపాయం బయటపెట్టాడు. ఫోన్‌ని జైల్‌బ్రేక్ చేయాల్సిన పని కూడా లేదు. తను ఇచ్చిన సర్టిఫికెట్లు ఫోన్‌లో ఎక్కించుకుని, వైఫై సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్ చిరునామా మార్చుకుంటే చాలు. ఆ తర్వాత ఫోన్ ఆపిల్‌తో మాట్లాడుతున్నాననుకుంటూ ఇతని సర్వర్‌తో మాట్లాడేది. ఆ సర్వర్ నిజమైన రసీదునొకదాన్ని దగ్గర పెట్టుకుని, అడిగిన ఫోన్‌కల్లా దాన్నే తిప్పి పంపేది. ఆ కాలపు రసీదులో అది ఎవరిది, ఏ ఫోన్‌ది అన్న గుర్తు లేదు. అందువల్ల ఆటలు నమ్మేశాయి. ఫోన్‌లో కాకుండా తమ సొంత సర్వర్ నుంచి ఆపిల్‌ని అడిగి సరిచూసుకునే ఆటలకి ఈ దాడి తగలదని ఆపిల్ అప్పుడు డెవలపర్లకి చెప్పింది. ఐఓఎస్ 6లో ఆ లోపాన్ని పూడ్చింది.

ఏడాది తర్వాత ఐఓఎస్ 7తో వచ్చిన కొత్త రసీదు అసలు జవాబు. అందులో ఫోన్‌కి సంబంధించిన గుర్తు, ఆట పేరు కలిపి లెక్కగట్టిన ఒక సంఖ్య ఉంటుంది. ఆట తన ఫోన్ గుర్తుతో అదే లెక్క మళ్ళీ కట్టి చూస్తుంది. కుదరకపోతే ఇది వేరే ఫోన్ రసీదు. మన సందేహానికి సమాధానం కూడా ఇందులోనే ఉంది. పాత ఐఫోన్ బ్యాకప్‌ని కొత్త ఐఫోన్‌లోకి ఎక్కించినప్పుడు రసీదు కూడా వచ్చేస్తుంది కదా, మళ్ళీ రిస్టోర్ ఎందుకు నొక్కాలి? వచ్చిన రసీదు పాత ఫోన్ పేరు మీద ఉంది కనుక. రిస్టోర్ నొక్కితే ఆపిల్ అదే కొనుగోలుకి ఈ ఫోన్ గుర్తుతో తాజా రసీదు ఇస్తుంది. నిజమైన యజమానికి ఖాతా ఉంటుంది కాబట్టి తాజా రసీదు తెచ్చుకోగలడు, నకలు పట్టుకొచ్చినవాడు తెచ్చుకోలేడు. 2021లో ఐఓఎస్ 15తో ఆపిల్ ఈ పద్ధతిని సులువు చేసి, రసీదుల స్థానంలో ఒక్కొక్క కొనుగోలుకి విడిగా సంతకం చేసి ఇవ్వడం మొదలుపెట్టింది. ఫోన్‌తో ముడిపెట్టే పని అందులోనూ కొనసాగింది.

ఆండ్రాయిడ్ వైపు ఫోన్ గుర్తు ఉండదు. అక్కడ ఆట తన సర్వర్‌కి టోకెన్ పంపుతుంది, ఆ సర్వర్ గూగుల్‌ని నేరుగా అడుగుతుంది. సరిచూడటం ఫోన్‌లోనే చేస్తే ఎందుకు చాలదంటే, ఫోన్ దొంగ చేతిలోనే ఉంది, ఆట ఫైలు కూడా అతని చేతిలోనే ఉంది. సరిచూసే కోడ్ ఎక్కడుందో వెతికి, ఎప్పుడూ సరేనని చెప్పేలా మార్చేయగలడు. ఎక్కడో ఉన్న సర్వర్‌ని అలా మార్చలేడు.

సర్వర్ మూడు విషయాలు చూడాలి. ఇది మా ఆటదేనా, ఇది మేము అడిగిన వస్తువేనా, డబ్బు అందిందా. రెండోదాన్ని మరిచిపోయే డెవలపర్లు ఉంటారు. ఆటలో 10 రూపాయల సూచన కూడా అమ్ముతున్నారనుకోండి. ఎవరో ఆ పది కట్టి, ఆ రసీదునే అన్‌లాక్ చోట చూపిస్తారు. రసీదు నిజమైనదే, సంతకం సరైనదే, డబ్బూ అందింది. వస్తువు పేరు చూడకపోతే 299 సరుకు పదికి వెళ్ళిపోతుంది.

ఇక ఒకే టోకెన్ చాలా ఫోన్ల నుంచి వస్తే ఏం చేయాలి? ఇంట్లో ఒక ఫోన్, ఒక ట్యాబ్, రెండేళ్ళకో కొత్త ఫోన్ ఉండటం సహజం. నాలుగైదు చోట్ల కనిపించినంత మాత్రాన దొంగతనం అనకూడదు. ఒకే రోజు వందల ఫోన్ల నుంచి వస్తే మాత్రం అది ఎక్కడో పంచిపెట్టిన టోకెన్. ఆటకి సొంత లాగిన్ ఉంటే పని తేలిక. కొనేటప్పుడే ఆటగాడి గుర్తుని ఎవరికీ అర్థంకాని రూపంలో కొనుగోలుకి జతచేసే సౌకర్యం గూగుల్ ఇచ్చింది. తర్వాత వేరే ఆటగాడు ఆ టోకెన్ తెస్తే గుర్తు కుదరదు. లాగిన్ లేని చిన్న ఆటలకి ఈ దారి లేదు. వాళ్ళు కొంత నష్టం ఒప్పుకుని, నిజంగా కొన్నవాళ్ళని ఇబ్బంది పెట్టకుండా ఉండటమే మంచిదని నేను అనుకుంటాను. దొంగ ఎటూ 299 కట్టేవాడు కాదు, కట్టినవాడిని మాత్రం ఒక్కసారి తిప్పిపంపితే మళ్ళీ రాడు.

ఈ విషయంలో ఆటలు చేసే పెద్ద తప్పు మరొకటి. స్టోర్‌ని అడిగితే వచ్చే జవాబులు మూడు రకాలు. కొన్నారు. కొనలేదు. ఇప్పుడు చెప్పలేను. సిగ్నల్ లేనప్పుడు, సర్వర్ పడిపోయినప్పుడు వచ్చేది మూడోది. చాలా ఆటలు దాన్ని రెండోదానిలో కలిపేస్తాయి. డబ్బు కట్టిన మనిషి రైల్లో కూర్చుని, సిగ్నల్ లేనిచోట ఆట తెరిస్తే తాళం పడి ఉంటుంది. మళ్ళీ కట్టాలేమో అనుకుంటాడు. సూపర్ మారియో రన్ విడుదలైనప్పుడు ఇంటర్నెట్ లేకుండా ఆడటానికే కుదరలేదు. డబ్బు కట్టినవాళ్ళు రైళ్ళలో, విమానాల్లో ఆడలేకపోతున్నామని గట్టిగానే విమర్శించారు. సరైన పద్ధతి ఏమిటంటే, ఒకసారి స్టోర్ కొన్నారని చెప్పాక ఆ మాటని ఫోన్‌లో దాచుకోవాలి. స్టోర్ స్పష్టంగా లేదు, డబ్బు వెనక్కిచ్చేశాం అన్నప్పుడే తాళం వేయాలి. జవాబు రానంతకాలం తెరిచే ఉంచాలి.

డబ్బు వెనక్కివ్వడం నిజంగా జరిగే సంగతే. కొన్న 48 గంటల్లోపు గూగుల్‌ని రీఫండ్ అడగొచ్చు. రీఫండ్ తీసుకుని, రెండో ఫోన్‌లో రిస్టోర్ చేసుకుందామనుకునేవాళ్ళూ ఉంటారు. అందుకే రద్దయిన కొనుగోళ్ళ జాబితాని గూగుల్ డెవలపర్లకి ఇస్తుంది. ఆపిల్ కూడా రీఫండ్ అయిన వెంటనే ఆట సర్వర్‌కి కబురు పంపుతుంది.

అయితే ఎవరూ అడగకుండానే డబ్బు వెనక్కి వచ్చే సందర్భం ఒకటుంది. దీన్ని మనవాళ్ళు చాలామంది అపార్థం చేసుకుంటారు. ఇందాక రసీదులో చివరి వరుస గురించి చెబుతానన్నాను కదా. కొన్న తర్వాత ఆ వస్తువు కొన్నవాళ్ళకి అందించామని ఆట గూగుల్‌కి తిరిగి చెప్పాలి. దానికి మూడు రోజుల గడువు. ఈలోగా చెప్పకపోతే కొన్నవాడికి వస్తువు అందలేదని గూగుల్ అనుకుని, డబ్బు తిప్పి పంపేసి కొనుగోలుని రద్దు చేస్తుంది. యూపీఐలో డబ్బు కదలడం ఆలస్యమైనప్పుడు కొనుగోలు పెండింగ్‌లో ఉంటుంది. ఆటవాళ్ళు ఆ స్థితికి కోడ్ సరిగ్గా రాయకపోతే, ఆట మూసేశాక డబ్బు అందుతుంది, అందించామని చెప్పేవాళ్ళుండరు. మూడు రోజులు ఆడుకున్న పిల్లకి నాలుగో రోజు తాళం కనిపిస్తుంది. నాన్న ఫోన్‌కి రీఫండ్ మెసేజ్ వస్తుంది. ఇలాంటప్పుడు రిస్టోర్ నొక్కి లాభం లేదు, ఎందుకంటే తిరిగి తెచ్చుకోవడానికి అక్కడ కొనుగోలే లేదు. Budget & history లో ఆ ఆర్డర్ పక్కన రీఫండ్ అయినట్టు ఉంటే జరిగింది ఇదే. మళ్ళీ కొనడమే మార్గం, నష్టమేమీ లేదు.

దీనికంటే మొండిది ఇంకొకటుంది. ఖాతా సరైనదే, ఆర్డర్ చరిత్రలో ఉంది, రీఫండ్ కాలేదు. అయినా కొత్త ఫోన్‌లో ఆట ఏమీ కొనలేదంటోంది, ధర కూడా మళ్ళీ చూపిస్తోంది. పాత ఫోన్‌లో మాత్రం బాగానే పనిచేస్తోంది. ఇవన్నీ ఒకేసారి కనిపిస్తే తప్పు మీది కాదు, ఆట రాసినవాళ్ళది. నాణేల లాంటి సరుకు వాడేశాక మళ్ళీ కొనుక్కునేలా, ఈ కొనుగోలు ఖర్చయిపోయిందని ప్లే స్టోర్‌కి చెప్పే ఆదేశం ఒకటి ఉంది. కొందరు డెవలపర్లు పొరపాటున అన్‌లాక్‌కి కూడా అదే ఆదేశం వాడతారు. పాత ఫోన్‌లో ఆట తన దగ్గర రాసుకున్న గుర్తుతో నడుస్తూంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. స్టోర్ లెక్కల్లో మాత్రం ఆ వస్తువు అప్పుడే ఖర్చయిపోయింది. ఫోన్ మార్చిన రోజున బయటపడుతుంది.

ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి మారినవాళ్ళది వేరే సంగతి. గూగుల్ దగ్గరున్న కొనుగోలు ఆపిల్‌కి తెలియదు, ఆపిల్ దగ్గరున్నది గూగుల్‌కి తెలియదు. ఆటకి సొంత లాగిన్ ఉండి, హక్కుని ఆ లాగిన్ మీద రాసుకుంటే తప్ప అటుది ఇటు రాదు. కుటుంబంలో పంచుకోవడం కూడా ఇంతే. ఆట లోపల కొన్నవాటిని గూగుల్ ప్లే కుటుంబంలో పంచుకోనివ్వదు. ఆపిల్‌లో డెవలపర్ అనుమతిస్తే పంచుకోవచ్చు.

ఖర్చయిపోయిన అన్‌లాక్ లాంటి చోట ఆట తయారుచేసినవాళ్ళకి రాయక తప్పదు. ప్లే స్టోర్‌లో ఆట పేజీ కిందే వాళ్ళ మెయిల్ చిరునామా ఉంటుంది. రాసేటప్పుడు యూపీఐ యాప్‌లోని లావాదేవీ నంబరు పంపితే వాళ్ళకేమీ తెలియదు, డబ్బు వాళ్ళకి నేరుగా చేరలేదు, గూగుల్‌కి చేరింది. వాళ్ళు వెతకగలిగేది GPA నంబరుతో. ఆ నంబరు, కొన్న తేదీ, ఏ ఫోన్ నుంచి ఏ ఫోన్‌కి మారారు, పాత దాంట్లో పనిచేస్తోందా లేదా అన్నవి రాస్తే చాలు. పాస్‌వర్డూ ఓటీపీ ఎవరడిగినా ఇవ్వక్కర్లేదు, ఈ పనికి అవి అవసరం లేదు. ఆ నంబరుతో వాళ్ళు ప్లే కన్సోల్‌లో ఆర్డర్‌ని తెరిచి, డబ్బు తిప్పి పంపొచ్చు. లేదా అదే వస్తువుకి ఒక ప్రోమో కోడ్ ఇవ్వొచ్చు. కోడ్‌ని సరైన జీమెయిల్ ఉన్న ప్లే స్టోర్‌లో కొడితే, రూపాయి కట్టకుండానే ఆ అన్‌లాక్ ఖాతా పేరు మీద మళ్ళీ నమోదవుతుంది. అయితే ఆదేశం తప్పు సరిదిద్దిన కొత్త వెర్షన్ వచ్చిందో లేదో ముందు అడగాలి. పాత వెర్షన్‌లో కోడ్ వాడితే అదీ ఖర్చయిపోతుంది.